"పురుగు సరిలేదు" అంటే ఏ మందు చెప్పేది?



మన గ్రూపులో పెద్దవాళ్లు, కొత్తగా ఫోను పట్టినవాళ్లు పెట్టే మెసేజీ రెండు మాటలే. "పురుగు సరిలేదు." అంతే. దాని కింద పదిమంది పది మందులు చెప్తారు. ఇది ఆపాలని మేము అంటున్నాం.

పురుగు మెత్తబడి, నల్లబడి కంపు కొట్టే రోగం ఎండాకాలంలో ఎక్కువ. దానికి షెడ్డు చల్లబరచాల, తడి గోనెపట్టాలు కట్టాల. సున్నపుకట్టు రోగమైతే వానకు, చలికి వస్తుంది. దానికి తడి తగ్గించి షెడ్డు వెచ్చగా పెట్టాల. ఒకదానికి ఒకటి పూర్తిగా ఎదురు. సున్నపుకట్టు ఉన్న షెడ్డులో తడి పట్టా కట్టిస్తే ఆ పంట మనమే పోగొట్టినట్లు.

"వివరంగా రాయండి" అంటే వాళ్లు మళ్లీ రాయరు. హోసూరు, కృష్ణగిరి పక్క మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మాట వస్తుంది, అక్షరం రాదు. నంబరు మాత్రం అందరూ కొట్టగలరు. అందుకే జవాబులు మనమే రాసి పెట్టాల. కెలమంగలం పక్క ఒక పెద్దాయనకు మేము పంపింది ఇది:

"తాతా, చచ్చిన పురుగును చూసి ఒక నంబరు పెట్టండి.
1. ఉబ్బి, తోలు చిట్లి పాలలాంటి నీళ్లు
2. మెత్తగా, నల్లగా, కంపు
3. బిర్రబిగిసి, సున్నం పూసినట్లు తెల్లగా
4. ఒంటి మీద నల్ల చుక్క
5. ఇవేవీ కాదు, తెలియదు"

ఆయన 3 పెట్టినాడు. వెంటనే ఇంకొకటి అడిగినాం: 1. ఆకు తింటున్నాయా, 2. జ్వరానికి కూర్చున్నాయా? దానికి 2 పెట్టినాడు. అప్పుడు చెప్పినాం: పురుగును కదిలించొద్దు, పడక మీద పొడి సున్నం పల్చగా చల్లండి, చచ్చినవి తెల్లబడకముందే ఏరి కాల్చండి. ఆ తెల్లపొడే పక్క పురుగుకు అంటుకుంటుంది.

జవాబుల్లో రోగం పేర్లు రాయకూడదు. రాస్తే తాము విన్న పేరే నొక్కుతారు. కంటికి కనిపించేదే రాయాల. అయిదోది తీసేస్తే, మనల్ని నొప్పించకూడదని ఏదో ఒకటి నొక్కేస్తారు. అడిగిన నిమిషంలోనే 1 వచ్చిందంటే షెడ్డులోకి పోయి చూడలేదనే అర్థం, ఫోటో అడగాల.

గ్రూపులో పోల్ పెడితే సులభం కదా అని కొందరంటారు. పోల్‌లో ఎవరేం నొక్కినారో అందరికీ కనిపిస్తుంది. తన షెడ్డులో రోగం ఉందని ఊరంతా చూడడం ఎవరికి ఇష్టం? పైగా పురుగు లేనివాళ్లు కూడా నొక్కుతారు. విడిగా ఆయన నంబరుకే పంపడం మేలు.

5 వచ్చిందా, మందు మాట ఎత్తొద్దు. నాలుగు పురుగులు కాగితంలో చుట్టుకుని దగ్గరి పట్టు శాఖ ఆఫీసుకు పొమ్మనండి.