నిదానంగా వేగితేనే ఉల్లికి తీపి

హన్మకొండలో ఓ ఇంట్లో ఆదివారం బగారా అన్నం, మటన్ కూర. ఒంటిగంటకు చుట్టాలొస్తారని కోడలు కిలో ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, పెద్ద మంట మీద మూకుట్లో వేసింది. పావుగంటలో అంచులు నల్లబడ్డాయి. మధ్యలో మాత్రం ఇంకా తెల్లగా, పచ్చివాసనే. ‘‘గిట్లనే మటన్‌ల వేస్తే కూరంత చేదయితది బిడ్డా’’ అంటూ అత్తమ్మ స్టవ్ కట్టేసింది.

ఉల్లిగడ్డలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ తడి ఉన్నంతసేపూ ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు, రంగూ మారదు. నీరు ఇగిరాకే అందులోని చక్కెరలు ఎర్రబడతాయి. మంట పెద్దదైతే అంచుల్లో తడి ముందే ఆరిపోయి, లోపల ఉడికేలోగా అక్కడ మాడిపోతుంది.

అందుకే అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. కిలో ముక్కలకు నాలుగు చెంచాల నూనె, చిటికెడు ఉప్పు చాలు. ఉప్పు నీటిని త్వరగా బయటికి లాగుతుంది. మొదటి పది నిమిషాలూ మధ్యస్థంగా మంట పెట్టి, ముక్కలు మెత్తబడి నీరు ఊరాక బాగా తగ్గించండి. అప్పట్నుంచి ఐదు నిమిషాలకోసారి కలిపితే సరిపోతుంది. అస్తమానం కలుపుతుంటే రంగు పట్టదు. లేత గోధుమ రంగు వచ్చాక మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు, రెండు నిమిషాలకోసారైనా కలపాలి. అడుగున ఎర్రటి పొర కనిపిస్తే రెండు చెంచాల నీళ్లు చల్లి గీకండి. అసలు రుచి ఆ పొరదే. మొత్తం ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. పది నిమిషాల్లో అయిపోతుందని ఎవరన్నా నమ్మకండి. కిలో ముక్కలూ చివరికి కప్పున్నరకు మించి మిగలవు.

బిర్యానీ మీద చల్లే కరకరలాడే ఉల్లి సంగతి వేరు. దానికి నూనె ఎక్కువ కావాలి, బంగారు రంగులో ఉండగానే తీసేయాలి. బయటికి తీశాక కూడా అది ఇంకాస్త నల్లబడుతుంది.

ఇంతకీ ఆ మాడిన ఉల్లిగడ్డలు ఏమయ్యాయి? అత్తమ్మ అడుగు గీకలేదు. గీకితే చేదు మొత్తానికీ పట్టేస్తుంది. నల్లటి ముక్కలు ఏరేసి, మిగతావి నూనె వంపేసి వేరే గిన్నెలోకి మార్చింది. ఒక ముక్క నోట్లో వేసుకుని చూసింది. కొద్దిపాటి చేదే ఉంది. కొత్త నూనె, నాలుగు చెంచాల నీళ్లు పోసి సన్నని సెగ మీద మరో అరగంట మగ్గించింది. చివర్లో చిటికెడు బెల్లం వేసింది. కూరలో పడే పెరుగు పులుపు మిగిలిన చేదును కప్పేసింది. అదే పొగవాసన పట్టి ఉంటే బెల్లం వేసినా, పులుపు వేసినా పోయేది కాదు. అప్పుడు మొత్తం పారబోసి, మళ్లీ ఉల్లిగడ్డలు తరగడమే.

భోజనాలు రెండింటికి మొదలయ్యాయి.