రెండు నక్షత్రాల న్యాయం

"బాగుంటే రాయండి, బాగులేకపోతే ఊరకుండండి" అని ఒక సాహితీమిత్రులు నాకు హితవు చెప్పారు. నేను చేసిన నేరమల్లా, అంతర్జాలపు పుస్తకాల అంగడిలో ఒక తెలుగు పుస్తకానికి అయిదింట రెండు నక్షత్రాలిచ్చి, కింద పది వాక్యాలు రాయడం. ఆ హితవు వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. నాకు మాత్రం అందులో మర్యాద కన్నా వెరపే ఎక్కువగా కనిపించింది.

పుస్తకం రాయలసీమ చెరువుల చరిత్ర. దాన్ని ఇక్కడ మరోసారి కొట్టడం నా ఉద్దేశం కాదు కనుక పేరు చెప్పను. 240 పుటలు, వెల 300 రూపాయలు. శాసనాలూ కైఫీయతులూ ఆధారంగా రాసిన సమగ్ర చరిత్ర అని వెనుక అట్ట మీద అచ్చువేశారు. ఆ మాట నమ్మే కొన్నాను. తెరిస్తే ముందుమాటలు, అభినందనలు, సన్మానాల ఛాయాచిత్రాలు కలిసి 46 పుటలు. కైఫీయతుల ప్రస్తావన రెండు చోట్ల. శాసనపాఠం ఒక్కటీ లేదు. అప్పటికే అంగడిలో దానికి నాలుగు సమీక్షలున్నాయి. నాలుగూ అయిదు నక్షత్రాలవే. "ప్రతి తెలుగువాడూ చదవాల్సిన గ్రంథం" వంటి ఒక్క ముక్క తప్ప లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు.

కోపం వచ్చింది. ఆ రాత్రే ఒక చిత్తుప్రతి రాశాను. "ముందుమాటలు దాటేసరికి చెరువు ఎండిపోయింది" అని మొదలుపెట్టి, "రచయిత గట్టు మీద కూర్చుని శాసనాలను ఊహించుకున్నట్లున్నారు" అని ముగించాను. చదివి నేనే నవ్వుకున్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ చదివితే ఒక సంగతి తట్టింది. ఈ వాక్యాలను పుస్తకం చేతబట్టుకుని ఎవరైనా సరిచూడగలరా? చూడలేరు. అందులో నా చమత్కారం తప్ప సమాచారమేదీ లేదు. కొనాలా వద్దా అని తటపటాయిస్తున్న మనిషికి అది అక్కరకు రాదు. కటువుగా ఉన్నందుకు కాదు, పనికిరానందుకే దాన్ని కొట్టేశాను.

కటుత్వమూ క్రూరత్వమూ ఒకటే అనుకోవడంలోనే నా మిత్రులు పొరబడ్డారని నా వాదం. ఒక ఉదాహరణ చూడండి. ఆ పుస్తకం 61వ పుటలో పోరుమామిళ్ళ చెరువును శ్రీకృష్ణదేవరాయలు తవ్వించారని ఉంది. ఆ చెరువు దగ్గరి శాసనం 1369 నాటిది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దాన్ని కట్టించాడని, వెయ్యిమంది కూలీలూ వంద బండ్లూ రెండేళ్ళు పనిచేశాయని అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ కూడా వరుసగా చెబుతుంది. రాయలవారు సింహాసనమెక్కింది 1509లో, అంటే 140 ఏళ్ళ తరువాత. "ఈ రచయితకు చరిత్ర రాదు" అనడం క్రూరత్వం. ఆయనకు ఏం వచ్చో నాకెలా తెలుసు? "61వ పుటలో చెప్పిన కర్త సరికాదు, శాసనం ప్రకారం 1369, భాస్కరుడు" అనడం కఠినమే కాని క్రూరం కాదు. వాక్యానికి కర్తగా రచయితను తీసేసి పుస్తకాన్ని పెడితే, సగం విషం దానంతటదే దిగిపోతుంది.

సగమే. మిగిలిన సగం దిగదు. ఎంత మెత్తగా చెప్పినా ఆ తప్పు అంత పెద్దదే. చదివినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుంటారు. దాన్ని తప్పించే ఉపాయం నాకు దొరకలేదు.

అంతకన్నా పెద్ద క్రూరత్వం జాలి. "ఈ వయసులో, సొంత డబ్బుతో ఇంత శ్రమపడ్డారు పాపం" అని రాయమన్న వారూ ఉన్నారు. ఆ మాట పుస్తకాన్ని పుస్తకంగా చూడనక్కరలేదని లోకానికి చాటడమే. పైగా వయసు, ఉద్యోగం, పెట్టుబడి నేను కొన్న సరుకులో భాగాలు కావు.

కొన్న సరుకన్నాను కదా, అందులోనూ ఒక విభజన ఉంది. నాకు మొదట వచ్చిన ప్రతిలో 113 నుంచి 128 దాకా పుటలు రెండుసార్లు కుట్టి, తరువాతి పదహారు పుటలు వదిలేశారు. పదహారు పుటల ఫారం ఒకటి కట్టడంలో తారుమారైందన్నమాట. తిప్పి పంపితే వారంలో మంచి ప్రతి ఇచ్చారు. దానికి నక్షత్రం కోయడం అన్యాయం. అట్ట నలిగిందనీ, ఆలస్యంగా వచ్చిందనీ ఒక్క నక్షత్రంతో పుస్తకాన్ని శిక్షించేవారు అడుగడుగునా కనిపిస్తారు. అది అమ్మినవాడికి చెప్పుకోవలసిన ఫిర్యాదు.

ఇక నా సంగతి. ఇవే చెరువుల మీద నేనూ రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. అది దాచి రాస్తే ప్రతి అక్షరం నిజమైనా సమీక్ష అబద్ధమవుతుంది. 2010లో ఇంగ్లండులో ఆర్లాండో ఫైజెస్ అనే పేరున్న చరిత్రకారుడు, అమెజాన్ అంగడిలో మారుపేరుతో తోటి చరిత్రకారుల పుస్తకాలను తూలనాడి, తన పుస్తకాన్ని తానే పొగుడుకున్నాడు. మొదట కాదన్నాడు, తరువాత ఆ రాతలు భార్యవన్నారు, చివరికి తనవేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పి నష్టపరిహారం కట్టాడు. ఆ రాతల్లో నన్ను భయపెట్టేది పరుషత్వం కాదు, కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో తెలియకపోవడం.

చివరికి పెట్టిన సమీక్ష ఇది:

"శాసనాల ఆధారంగా రాసిన చరిత్ర కోసం కొనేవారికి ఈ పుస్తకం నిరాశ కలిగిస్తుంది. చెరువు తూముల దగ్గర నీరు పంచే నీరుగంటి వారి జ్ఞాపకాల కోసమైతే కొనవచ్చు. అట్ట మీద చెప్పిన శాసనపాఠాలు లోపల లేవు. కైఫీయతుల ప్రస్తావన రెండు చోట్లే ఉంది. పోరుమామిళ్ళ చెరువును కృష్ణదేవరాయలకు ఆపాదించడం (61వ పుట) 1369 నాటి శాసనానికి విరుద్ధం. 46 పుటలు ముందుమాటలకూ ఛాయాచిత్రాలకూ పోయాయి. 150 నుంచి 190 దాకా పుటల్లో ఆయకట్టు రైతులు వంతులవారీగా నీళ్ళు పంచుకున్న తీరు మాత్రం విలువైనది, నేను మరెక్కడా చదవలేదు. పటాలు లేవు. నేనూ ఈ విషయంపై రాసినవాణ్ణి, అది దృష్టిలో పెట్టుకుని చదవండి. నాది డబ్బిచ్చి కొన్న ప్రతి."

మొదటి రెండు వాక్యాలను కావాలనే ముందు పెట్టాను. అంగడి పుటలో పొడవైన సమీక్షకు మొదటి కొన్ని పంక్తులే కనబడతాయి, మిగతాది నొక్కితే గాని తెరుచుకోదు. పొగడ్త ముందు పెట్టి లోపం అడుగున దాచితే, చదివేవాడు పొగడ్తతోనే కొనేస్తాడు. అది మర్యాద పేరిట చేసే మోసం.

ఒక్క నక్షత్రం ఎందుకివ్వలేదని అడిగినవారూ ఉన్నారు. ఆ నలభై పుటల కోసం. సరళమైన సగటు వేసి చూస్తే, నాలుగు అయిదుల సరసన నా రెండు చేరితే 4.4, ఒకటి చేరితే 4.2. అంకెలో ఏపాటి తేడా? నిర్ణయించేది కింది మాటలే.

ఊరకుండమన్న మిత్రులకు ఒక్క ప్రశ్న. రేపు మరొకరు నాలుగేళ్ళు తిరిగి, శాసనాలు చదివి, పటాలు గీసి ఇదే విషయం మీద పుస్తకం తెస్తారనుకోండి. ఆ పుస్తకం కూడా అదే అంగడిలో, అవే అయిదు నక్షత్రాలతో, అదే "ప్రతి తెలుగువాడూ చదవాల్సిన" వాక్యం కింద నిలబడుతుంది. రెంటిలో ఏది కొనాలో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? మన మౌనం మొదటి రచయితకు దయ అయితే కావచ్చు, దాని ఖరీదు కట్టేది ఈ రెండో ఆయన.

పుస్తకం మలిముద్రణకు వెళుతోందని ఈమధ్య విన్నాను. 61వ పుట సరిచేసి, అట్ట మీది మాట మారిస్తే నా సమీక్షను నేనూ మార్చుకుంటాను. అంగడిలో ఆ వీలుంది. అందాకా ఆ రెండు నక్షత్రాలు అక్కడే ఉంటాయి.