టికెట్ పని తీరాక మిగిలే వివరాలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబం తిరుపతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకునేటప్పుడు పేరు, వయసు, ఫోన్ నంబరు ఇస్తుంది. అవి ఆ ప్రయాణం కోసం ఇచ్చినవి. 2022లో ఐఆర్‌సీటీసీ ప్రయాణికుల డేటాతో ఆదాయం రాబట్టే మార్గాలు సూచించే సలహాదారు కోసం టెండర్ పిలిచింది. విమర్శలు రావడంతో ఆగస్టులో దాన్ని ఉపసంహరించుకుంది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి చెప్పిన ప్రయోజనానికే పరిమితం. అది తీరాక, మరో చట్టం ఉంచమంటే తప్ప, సాధారణంగా డేటాను తొలగించాలి. గణాంకాలకు మినహాయింపు ఉంది. కానీ ఆ డేటాతో ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోకూడదు.

పేరు తీసేసి మిగతాదంతా దాచుకుంటే సరిపోదు. ఒక రోజు బిలాస్‌పూర్‌లో ఎక్కినవారిలో 83 ఏళ్ల మహిళ ఒక్కరే ఉంటే, పేరు లేకున్నా తెలిసినవారు ఆమెను గుర్తుపట్టేస్తారు. అదనపు బోగీ వేయాలా అని తేల్చడానికి వయసు, ఫోన్ నంబరు అక్కర్లేదు. తేదీ, తరగతి, ఎక్కిన, దిగిన స్టేషన్ల వారీగా ఎందరో తెలిస్తే చాలు. రీఫండ్, ఫిర్యాదుల గడువు ముగిశాక ఆ లెక్కలను ఉంచుకుని, అసలు రికార్డును చెరిపేయాలి. ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అనేది ప్రయోజనం కాదు. ఆ మాటకు ప్రయాణికులు సమ్మతించలేదు.