తాళం చూసి తొందరపడరాదు

అద్దె నెలనెలా బ్యాంకు ఖాతాలో పడుతూనే ఉంటుంది. అద్దెకున్న మనిషి మాత్రం నెలల తరబడి కనిపించడు. అపార్టుమెంట్లు పెరిగిన పట్టణాల్లో ఈ పరిస్థితి అరుదు కాదు. అద్దె అందినంత మాత్రాన ఇల్లు క్షేమంగా ఉన్నట్టు కాదు గనుక యజమాని ఆందోళన సమంజసమే. అయితే తాళం పగలగొట్టడం దానికి మందు కాదు.

హనుమకొండలో రెండో అంతస్తు ఫ్లాటు ఒకటి నాలుగు నెలలుగా మూసి ఉందనుకుందాం. కింది ఇంటి స్నానాలగది కప్పు చెమ్మగిల్లింది. ఫోనుకు జవాబు లేదు. యజమాని మొదట కింద ఉన్న కరెంటు మీటరు చూడాలి. రీడింగు అసలు కదలకపోతే ఇల్లు ఖాళీ అనుకోవచ్చు. కొద్దికొద్దిగా కదులుతుంటే ఫ్రిజ్ వదిలి వెళ్లి ఉంటారు. బాగా పెరుగుతుంటే ఎవరో ఉంటున్నారన్నమాట.

తర్వాత ఉత్తరం రాయాలి. అందులో బెదిరింపు ఉండరాదు. మీరు క్షేమమేనా, ఫ్లాటులో ఇప్పుడు ఎవరుంటున్నారు, గ్యాసు, నీళ్లు కట్టేసి వెళ్లారా అని అడగాలి. చెమ్మ సంగతి చెప్పి, ఫలానా తేదీన, ఫలానా వేళ చూడడానికి వస్తామనీ, వీలు కాకపోతే మరో రోజు చెప్పమనీ, లేదా తాళంచెవితో ఎవరినైనా పంపమనీ కోరాలి. మూసిన తలుపుకు పంపిన ఉత్తరం తిరిగి వస్తుంది. కనుక అగ్రిమెంటులోని సొంతూరి చిరునామాకు కూడా స్పీడు పోస్టులో పంపాలి. తిరిగివచ్చిన కవరును విప్పకుండా దాచాలి. రేపు కోర్టులో అదే సాక్ష్యం.

తగిన వేళల్లో ఇంటి పరిస్థితి చూసే హక్కును 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం యజమానికి ఇచ్చింది. కానీ అది చూసే హక్కే, స్వాధీనం చేసుకునే హక్కు కాదు. తాళం మార్చి సామాను బయటపెడితే, ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు తిరిగి ఇంట్లోకి రావచ్చు. తెలంగాణలో 1960 నాటి అద్దెల చట్టం వర్తించే ఇళ్లలో, సరైన కారణం లేకుండా వరుసగా నాలుగు నెలలు కాపురం లేకపోవడం ఖాళీ చేయించేందుకు ఆధారమే. అయినా రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు ఉండాల్సిందే.

గ్యాసు వాసన, దుర్వాసన, కారిపోతున్న నీరు ఉంటే ఉత్తరం కోసం ఆగనక్కరలేదు. గ్యాసు వాసన వస్తే కాలింగ్ బెల్ కూడా నొక్కకుండా 101కు గానీ 112కు గానీ ఫోను చేయాలి. పోలీసుల సమక్షంలో తలుపు తెరిపించి, పంచనామా రాయించుకోవాలి.

అద్దెదారుకూ బాధ్యత ఉంది. నెల దాటి ఊరికి వెళ్లేవారు సిలిండరు కట్టేసి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో యజమానికి ఒక్క మాట చెబితే, ఇన్ని ఉత్తరాల అవసరమే రాదు.