వారానికి ఆరు మాత్రలు

కీళ్లవాతానికి డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. సోరియాసిస్‌కీ వాడతారు. పెద్ద ఖరీదు లేని మందు, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి మనిషిని నిలబెట్టే మందు. దీన్ని వారంలో ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. ఇది డాక్టర్లందరికీ తెలుసు. అయినా పొరపాటున రోజూ వేసుకుని చనిపోయినవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే తెలుగు కాగితం ఎలా ఉండాలన్నది వాక్యాలతో బతికే మనకూ పట్టవలసిన విషయమని ఈ సంపాదకీయం రాస్తున్నాం.

ఒక పెద్దావిడకు డాక్టరు వారానికి 15 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. రెండున్నర మిల్లీగ్రాముల మాత్రలైతే ఆరు అవుతాయి. కాగితం మీద 'వారానికి ఆరు మాత్రలు' అని రాసి పంపారు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఇంట్లో మందులు తీసిచ్చే కోడలు ఆ మాటను ఎలా చదువుతుంది? ఆరు మాత్రలు ఒక్కసారే మింగమన్నారంటే ఆమెకు నమ్మబుద్ధి కాదు. బీపీ మాత్రయినా షుగరు మాత్రయినా పూటకొకటి చొప్పునే చూసిన ఇల్లది. రోజుకొకటి ఇచ్చి ఆదివారం మానేస్తే వారానికి ఆరు సరిపోయాయి కదా అనుకుంటుంది. అత్తగారికి ఒక్కసారిగా వేడి చేయకూడదన్న ప్రేమతోనే అలా విడదీసి ఇస్తుంది.

ఒంట్లో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. మెథోట్రెక్సేట్ దాని పనికి అడ్డుపడుతుంది. ఒకే రోజు వేసుకుంటే మందులో ఎక్కువ భాగం త్వరగానే మూత్రంలో పోతుంది. మిగతా రోజుల్లో ఎముకల మూలుగ, నోటి లోపలి పొర తేరుకుంటాయి. రోజూ కొంచెం కొంచెం పడుతుంటే తేరుకునే వ్యవధి దొరకదు. వారం మొత్తానికి అవే 15 మిల్లీగ్రాములైనా హాని ఎక్కువ. ముందు నోరు పూస్తుంది, తర్వాత జ్వరం వస్తుంది, రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. వయసు మళ్లినవాళ్లకు, కిడ్నీలు మందగించినవాళ్లకు ఇది త్వరగా ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో చిక్కుంది. నాలుగు వారాలకని 24 మాత్రలు ఇస్తారు. ఆదివారాలు మానేసి రోజుకొకటి వేసుకున్నా అవి సరిగ్గా నాలుగు వారాలే వస్తాయి. మందు ముందే అయిపోతే షాపువాళ్లకు అనుమానం వచ్చేది. ఇక్కడ ఆ అవకాశమూ లేదు. మాత్రల లెక్క బయటపెట్టని తప్పును ముందే ఆపగలిగింది కాగితం మీది వాక్యమొక్కటే.

ఆ కాగితాల్లో సాధారణంగా ఒక పట్టీ ఉంటుంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్లు, ప్రతి మందుకీ ఒక వరస. వారానికోసారి వేసుకునే మందుకు అందులో చోటు లేదు. దాన్నీ అక్కడే ఇరికించి రాత్రి గడిలో 6 వేసి, 'వారానికి' అన్న మాటను చివరి గడిలో సన్నగా రాస్తారు. చదివేవాళ్ల కన్ను మూడు గళ్ల దగ్గరే ఆగుతుంది. అందుకని ఈ మందును పట్టీలోంచి తీసేసి, కింద వేరే పెట్టెలో పెద్ద అక్షరాలతో రాయాలి. మాకైతే ఇలా రాయాలనిపిస్తుంది:

మెథోట్రెక్సేట్ 2.5 (రెండున్నర) మిల్లీగ్రాముల మాత్రలు. కీళ్ల జబ్బుకు.
ప్రతి బుధవారం రాత్రి అన్నం తిన్నాక 6 (ఆరు) మాత్రలు ఒకేసారి వేసుకోవాలి.
వేరే ఏ రోజూ ఈ మందు వేసుకోవద్దు.

'వారానికి' అన్న మాట ఇందులో లేదు, రోజు పేరే ఉంది. ఏ రోజన్నది రోగిని అడిగి పెట్టాలి. శనివారం ఒక్కపొద్దు ఉండే పెద్దావిడకు శనివారం పెడితే ఆ రాత్రి ఆమె అన్నమూ తినదు, మందూ వేసుకోదు. గురువారాన్ని ఒక ఊళ్లో లక్ష్మివారమంటారు, ఇంకో ఊళ్లో బేస్తవారమంటారు. బుధవారంతో ఆ పేచీ లేదు.

అంకె పక్కన అక్షరాల్లోనూ రాసింది ఊరికే కాదు. రాత బాగా లేకపోతే 'ఆరు' కాస్తా 'అర' అవుతుంది. రెండున్నరలో చుక్క అచ్చు పడకపోతే 25 అవుతుంది.

మూడో వాక్యం మీద ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. 'మిగతా ఆరు రోజులూ వేసుకోకండి' అన్నది ముందుగా తోచే మాట. అలా రాస్తే ఆరు మాత్రల పక్కనే ఆరు రోజులు వచ్చి కూర్చుంటాయి, కోడలి లెక్కకు మనమే దారి చూపినట్టవుతుంది. పైగా 'వేసుకోండి'కీ 'వేసుకోకండి'కీ నడుమ ఒక్క 'క' తేడా. ఇంగ్లీషు మీడియంలో చదివే మనవడు కూడబలుక్కుని చదివితే ఆ అక్షరం జారిపోతుంది. 'వద్దు' జారిపోదు. 'బుధవారం తప్ప ఏ రోజూ వద్దు' అన్నా ప్రమాదమే. పక్క గదిలోంచి సగం విన్నవాళ్లకు బుధవారం వద్దన్నట్టే వినిపిస్తుంది. తెలుగులో అవునో కాదో తేల్చే క్రియ వాక్యం చివర వస్తుంది. అందుకే ఈ వాక్యం ఒక్క పంక్తిలోనే ముగియాలి. రెండో పంక్తికి పోయి మడతలో పడిందంటే నిషేధం కాస్తా ఆజ్ఞగా మారుతుంది.

మరిచిపోయినప్పుడు ఏం చేయాలో కూడా రాయాలి, లేకపోతే మరుసటి వారం రెండింతలు వేసుకునేవాళ్లుంటారు. బుధవారం మరిచిపోతే గురువారం గానీ శుక్రవారం గానీ వేసుకోవచ్చు. శుక్రవారమూ దాటిపోతే ఆ వారం వదిలేసి, మళ్లీ బుధవారమే వేసుకోవాలి. నోరు పూసినా, జ్వరం వచ్చినా, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు కనిపించినా మందు ఆపి అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఫోలిక్ ఆసిడ్ మాత్రలు కూడా పక్కన రాస్తారు. రెండు మాత్రలూ పసుపు రంగులో చిన్నగా ఉండొచ్చు కాబట్టి వాటి కవరు వేరుగా ఉండాలి, దాని మీద వేరే రోజు పేరు ఉండాలి.

రాసిన కాగితం పనిచేస్తుందో లేదో అక్కడే తెలుసుకోవచ్చు. 'అర్థమైందా పెద్దమ్మా?' అని నర్సు అడిగితే 'ఆఁ, అయిందమ్మా' అనే జవాబొస్తుంది. అర్థం కాకపోయినా అదే జవాబు. 'శుక్రవారం పొద్దున ఈ కవరు నీ చేతిలో ఉంది పెద్దమ్మా, అందులోంచి ఎన్ని వేసుకుంటావు?' అని అడగాలి. 'ఒకటి' అందంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. మందులు తీసిచ్చే మనిషిని కూడా అదే ప్రశ్న అడగాలి.

నెల తిరిగాక మందుల షాపులో ఇంకో గండం ఉంటుంది. రెండున్నర మిల్లీగ్రాములవి లేవని పది మిల్లీగ్రాములవి ఇచ్చారంటే, పాత కాగితం చూసి ఆరు వేసుకునే ఆవిడ ఒక్క రాత్రిలో 60 మిల్లీగ్రాములు మింగుతుంది. ఎక్కువ పవరు మాత్ర ఇచ్చినప్పుడు 'ఇది పవరు ఎక్కువ, తక్కువ వేసుకోండి' అని నోటితో చెబితే చాలదు. డాక్టరుకు ఫోను చేసి, కొత్త లెక్కతో కొత్త కాగితం రాయించి, ఇంట్లో ఉన్న పాత కాగితాన్నీ మిగిలిన పాత మాత్రలనూ వెనక్కి తెప్పించాలి.