ఆశయాలు లేని నాన్న

మా చందాదారు ఒకాయన తన తండ్రి ప్రథమ వర్ధంతికి ఈమధ్య ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ప్రకటన ఇచ్చారు. తిథి ప్రకారం ఇంట్లో సంవత్సరీకం 11 రోజుల ముందే అయిపోయింది. పేపర్లో వేయించేది ఇంగ్లీషు తేదీకే కనుక ఫోటో, కింద వేయాల్సిన మాటలు ముందుగా పంపి, చదరపు సెంటీమీటరు లెక్కన డబ్బు కట్టారు. ఆయన పంపిన మాటలివి:

"మా నాన్న కొత్త బల్బు పెట్టిన ప్రతిసారీ దాని మీద బాల్‌పెన్నుతో తేదీ రాసేవారు. కరెంటు పోతే వీధిలోకి వెళ్లి, అందరికీ పోయిందని చూశాకే వచ్చి కూర్చునేవారు. పెళ్లిభోజనంలో పెరుగు వడ్డించాక మళ్లీ పప్పు అడిగేవారు. అమ్మని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, 'ఇదిగో' అనేవారు. ఆ పిలుపు వినపడక ఏడాది."

అచ్చయింది వేరు. "మీ ఆశయ సాధనే ధ్యేయంగా, మీరు చూపిన బాటలో నడుస్తూ, అశ్రునయనాలతో..." అని మొదలై భార్య, కుమారులు, కోడళ్లు, అల్లుడు, మనవలతో ముగిసింది. ఇదేమిటని ఫోన్ చేస్తే ప్రకటనల విభాగంవారు, "పెద్దాయన గురించి బల్బులూ పప్పూ ఏంటి సార్, చూసినోళ్లు నవ్వుకుంటారు. మర్యాదగా ఉంటుందని మార్చాం" అన్నారట. పోయినాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "ఆయన ఆశయం ఏమిటో మాకెవరికీ తెలీదండీ. ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు కొడుకు, మాతో.

మర్యాద అనే మాట దగ్గరే మాకు పేచీ. చనిపోయిన మనిషిని అలవాట్లతో తలుచుకోవడం చిన్నతనమని మన వాళ్లకు ఎవరు నేర్పారు? ఇంట్లో జరిగే తంతులో ఆ మాట లేదు. ఆబ్దికంలో బ్రహ్మగారు అడిగేది గోత్రం, మూడు తరాల పేర్లు. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. హోదా, సన్మానాలు, పదవులు అక్కడ ఎవరూ అడగరు. వంటింట్లో మాత్రం ఆయనకు కందిపచ్చడి ఇష్టమా, అరటికాయ వేపుడు ఇష్టమా అన్న చర్చ గంటసేపు నడుస్తుంది.

తెలంగాణ పల్లెల్లో పిట్టకు పెట్టేటప్పుడు చూడండి. అన్నం, కూర, మాంసం, కల్లు, ఆ మనిషి తాగే బీడీ, అన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి ముట్టదు. అప్పుడు మొదలవుతుంది అసలు స్మృతి. ఏదో మరిచిపోయామని ఒకరంటారు. ఆ బ్రాండు కాదు, ఈ బ్రాండు తాగేవాడని తమ్ముడంటాడు. మిరపకాయ బజ్జీ పెట్టలేదేమని చెల్లెలంటుంది. ఎవరో సైకిలు మీద ఊళ్లోకి పరుగెత్తుతారు. 2023లో వచ్చిన 'బలగం' సినిమా నడిచిందంతా ఆ ముట్టని ముద్ద మీదే. దాన్ని చూసి ఏడ్చిన రాష్ట్రంలోనే, రెండు రాష్ట్రాల్లోనూ, పేపర్లో వేసేసరికి మనిషికి ఆశయాలు అతికిస్తున్నాం. కాకి ఆశయం అడిగిన దాఖలా మాకు తెలియదు.

ఇక ఆయన పంపిన ఆ ఐదు వాక్యాల సంగతి. అవి మాకు ఎందుకు నచ్చాయో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అలవాట్లు రాయడం తేలికని అనుకునేవాళ్లు వెంటనే "పొద్దున్నే లేచి కాఫీ తాగుతూ పేపరు చదివేవారు" అని రాస్తారు. అది ఎవరి నాన్నకైనా సరిపోతుంది. ఫోటో మీద చెయ్యి అడ్డం పెట్టి, మాటలు మాత్రమే పక్కింటాయనకు చదివి వినిపిస్తే "ఫలానాయనా?" అనాలి. బల్బు మీద తేదీ అనగానే ఆ వీధిలో ఎవరైనా చెప్పేస్తారు. అందులో ఆయన ఉద్యోగం ఉంది, పొదుపు ఉంది, కంపెనీవాడి మీద అపనమ్మకం కూడా ఉంది. 'లైన్‌మన్' అన్న మాట ఎక్కడా రాయనే లేదు.

ఇంకో పొరపాటు తరచు కనిపిస్తుంది. "అడిగినవారికి లేదనకుండా సాయం చేసేవారు" అని రాసి, అలవాటు రాశామనుకుంటారు. అది పొగడ్త. అలవాటు రోజూ ఇంట్లోవాళ్లకు కాస్త విసుగు పుట్టించేదిగా ఉండాలి. అందరికీ కరెంటు పోయిందని తేలితే తప్ప ఆయనకు ఊరట కలగకపోవడంలో ఒక చిన్న స్వార్థం ఉంది, మన ఇంటి ఫ్యూజు కాదులే అన్న నిశ్చింత ఉంది. పెరుగు దగ్గర పప్పు అడిగితే పక్కన కూర్చున్న కొడుకు సిగ్గుతో తల దించుకుని ఉంటాడు. ఆ సిగ్గు ఏడాది తిరిగేసరికి మరోలా మారింది. చివరిది అమ్మ చెబితే రాశారట. కొడుకులు చూసేది నాన్నని ఎదురుగా, అమ్మ విన్నది వెనక గదిలోంచి.

వాక్యాలన్నీ 'రాసేవారు, కూర్చునేవారు' అంటూ పోతే మూడోదానికే పాటలా వినిపిస్తుంది. నాలుగోదాన్ని "పిలవలేదు" అని మధ్యలో విరవడం ఆయనకు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఆ విరుపు దగ్గరే చదివేవాడు ఆగుతాడు. ఏడు అలవాట్లు రాసుంటే ఇది జరిగేది కాదు.

దినపత్రికను తిట్టి ఊరుకుంటే మేం నిజాయితీగా ఉన్నట్టు కాదు. ప్రకటనల విభాగంలోని ఆ గుమస్తాకు ఆ భాష ఎక్కడిది? మన సాహిత్య లోకం నుంచే వెళ్లింది. ఏ రచయిత సంస్మరణ సంచిక తెరిచినా మొదటి వ్యాసం పురస్కారాల జాబితా, రెండోది పదవుల జాబితా, మూడోది ఆయన వ్యాసకర్తను మెచ్చుకున్న సందర్భం. మనిషి కలం ఎలా పట్టుకునేవాడో, రాత్రి రాసేవాడో పొద్దున రాసేవాడో, అప్పిచ్చిన పుస్తకం తిరిగి రాకపోతే ఏమనేవాడో నూటయాభై పేజీల్లో దొరకదు. సభలో దండ వేస్తారు, మైకు పట్టుకుని "ఆశయాలను ముందుకు తీసుకెళ్దాం" అంటారు, టిఫినుకి వెళ్తారు. ఏ ఆశయం, ఎటు ముందుకు అని అడిగినవాడు లేడు. మరణించినవాణ్ణి మరోసారి మాయం చేసే పని ఇది. దీన్ని నివాళి అనడానికి మాకు నోరు రావడంలేదు. ఇదే సంప్రదాయంలో పెరిగిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' రాసినప్పుడు తిండి, బట్ట, ఇంటి మాట తీరు వదల్లేదు. అందుకే ఆ కాలపు ఇళ్లు ఇవాళ్టికీ మనకు తెలుస్తున్నాయి.

ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. తరతరాలుగా పేరే దక్కనివాళ్ల ఇంట్లో తండ్రి రైల్వేలో ఉద్యోగం సంపాదించి పిల్లల్ని చదివిస్తే, ఆ విజయాన్ని చెప్పుకోవద్దనడానికి మనమెవరం? వై.బి.సత్యనారాయణ 'మా నాన్న బాలయ్య' ఆ లెక్కన రాయాల్సిన పుస్తకమే. కానీ పుస్తకం వేరు, ఫోటో కింద నాలుగు వాక్యాలు వేరు.

వచ్చే సంచిక నుంచి చివరి అట్ట లోపలి పేజీ వర్ధంతులకు వదులుతున్నాం. డబ్బు తీసుకోం. నలభై మాటలకు మించకూడదు. పదవి, బిరుదు, డిగ్రీ ఉంటే కొట్టేస్తాం. ఆశయం, బాట, అశ్రునయనం కనిపిస్తే వెనక్కి పంపుతాం. తాగుడు, చెయ్యి చేసుకోవడం లాంటివి రాయాలో వద్దో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి, రాస్తే మేం దిద్దం. ఏ అలవాటు వేయాలన్న దాని మీద అన్నదమ్ములకు కుదరకపోతే అమ్మ చెప్పింది వేస్తాం.