రాజుల పేర్లతో పాటు బోధిసిరి పేరు కూడా



ప్రాచీన ఆంధ్ర చరిత్ర పాఠం రాగానే పిల్లలు చార్టు మీద శాతవాహనులు, ఇక్ష్వాకులు అని రాజుల వరుస రాసుకొస్తారు. పరీక్షకు అది చాలు. కానీ అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు రాజులు మాత్రమే డబ్బు పెట్టలేదు. అక్కడి రాళ్ల మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కిన దాతల పేర్లను కూడా పాఠంలో భాగం చేయాలని నా అభిప్రాయం.

అమరావతిలో పూర్ణకుంభం చెక్కిన ఒక పలక ఉంది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు, తోలు పని చేసే మనిషి. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులతో కలిసి ఇచ్చానని రాయించాడు. తన వృత్తినీ దాచుకోలేదు.

నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక శాసనం ఇంకా పెద్దది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో వేయించింది. ఆమె రాణి కాదు, ఒక గృహస్థుని కుటుంబంలో పుట్టిన స్త్రీ. చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, తామ్రపర్ణి, అంటే నేటి శ్రీలంక, భిక్షువులకు అంకితం చేసింది. అంతటితో ఆగకుండా తన మిగతా దానాల జాబితా కూడా చెక్కించింది: ఒకచోట మూడు గదులు, మరోచోట ఏడు గదులు, పూర్వశైలంలో ఒక చెరువు, కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం.

ఈ కంటకసేల దగ్గరే వర్తకం సంగతి బయటపడుతుంది. అది కృష్ణా జిల్లా ఘంటసాల అని పండితులు గుర్తించారు. 2వ శతాబ్దంలో టాలెమీ ఇదే పేరుకు దగ్గరగా ఒక వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. ఘంటసాల శాసనాల్లో మహానావికుడు, అంటే ఓడల పెద్ద, కనిపిస్తాడు. కృష్ణానది ఎగువన ఉన్న విహారం, దిగువన ఉన్న రేవు, సముద్రం అవతలి లంక భిక్షువులు ఒకే స్త్రీ దానపత్రంలో కలుస్తున్నారు. మ్యాపులో పిల్లలు గీయాల్సిన గీత ఇదే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. శాసనం ప్రధానంగా ఇచ్చినవారి గురించే చెబుతుంది. రాయి మోసినవారి గురించి చెప్పదు. బోధిసిరికి అంత సొమ్ము వర్తకం నుంచే వచ్చిందని కూడా అందులో లేదు. ఏది రాసి ఉంది, ఏది మన ఊహ అని విడదీయడం పిల్లలకు నేర్పాలి.

ఈసారి సాగర్ వెళ్లి లాంచీలో కొండకు చేరినప్పుడు, మ్యూజియంలో శిల్పాల ముందు ఫొటో దిగాక పక్కనున్న శాసనాల దగ్గర కూడా ఆగండి. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎవరితో కలిసి, ఎవరికి అని నాలుగు ప్రశ్నలు మీ పిల్లల్ని అడగండి. ఆ నాలుగు జవాబులు నోటుబుక్కులో రాసుకొస్తే, నా క్లాసులో రాజుల చార్టుకు ఇచ్చే మార్కులు వాటికీ ఇస్తాను.